హద్దు దాటిన పద్దు: నెలవారీ రిపోర్టు నేర్పిన ఎనిమిది పాఠాలు

నూలు మిల్లుల్లో ఖర్చుల లెక్కలు చూస్తూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ప్రతి నెలా మొదటి వారంలో నా బల్ల మీదికి ఒకే రకం కాగితం వచ్చేది. ఒక కాలమ్‌లో అంచనా, పక్కన అసలు ఖర్చు, ఆ పక్కన తేడా. తేడా ముందుగా ఒప్పుకున్న హద్దు దాటితే ఆ పద్దుకు గుర్తు పడుతుంది, ఫైనాన్స్ వాళ్లు పరిశీలిస్తారు, విభాగాధిపతి సమాధానం చెబుతాడు.

చూడడానికి ఇది ఒక తీసివేత మాత్రమే. అయితే ఆ తీసివేతలో ఏ అంకెలోంచి ఏ అంకె తీస్తున్నాం అన్నదే అసలు సంగతి. పోల్చకూడని రెండింటిని పోల్చితే ఏ నష్టమూ లేని చోట గుర్తు పడుతుంది, డబ్బు కారిపోతున్న చోట పడదు. ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఉపయోగపడుతుందని ఈ పాఠాలు రాస్తున్నాను. ఒక నూలు మిల్లు జనవరి నెల కరెంటు ఖర్చును మొదటినుంచి చివరిదాకా ఉదాహరణగా తీసుకుంటాను. లెక్క తేలిగ్గా అందాలని అంకెలను గుండ్రంగా పెట్టాను.

1. అంచనాకు నెల మొదలవకముందే తాళం పడాలి

ఒక మిల్లులో ఒకే నెలకు రెండు మూడు అంచనాలు తిరుగుతుంటాయి. ఏప్రిల్‌లో బోర్డు ఒప్పుకున్న వార్షిక బడ్జెట్ ఒకటి. పత్తి ధర, ఆర్డర్లు చూసుకుని ప్రతి నెలా సవరించే అంచనా ఇంకొకటి. నెల మధ్యలో ప్రొడక్షన్ మేనేజరు తన కంప్యూటర్లో దిద్దుకున్నది మూడోది. రిపోర్టు తయారు చేసేవాడు వీటిలో ఏది వాడాడో కాగితం మీద లేకపోతే సమావేశంలో సగం కాలం ఆ వాదనకే పోతుంది.

నేను పాటించిన పద్ధతి ఇది. జనవరి అంచనా డిసెంబరు 25 నాటికి పూర్తి కావాలి. దాన్ని ఏ విభాగం ఇచ్చిందో వాళ్ల సంతకం ఉండాలి. ఆ రోజు తర్వాత ఆ ఫైలు చదవడానికే, దిద్దడానికి కాదు. నెల మధ్యలో పరిస్థితి మారితే మారిందని వివరణలో రాసుకోవచ్చు, అంచనా అంకెను మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకున్నారంటే నెలాఖరుకు అంచనా అసలు ఖర్చు వెనకే నడిచి వస్తుంది, తేడా ఎప్పుడూ చిన్నదిగానే కనబడుతుంది.

అంచనా కింద దాని ఆధారాలు కూడా నమోదు కావాలి. మన ఉదాహరణలో జనవరి కరెంటు అంచనా రూ.56 లక్షలు. ఉత్త 56 లక్షలని రాసి వదిలేస్తే అది ఎందుకూ పనికిరాదు. 2,00,000 కిలోల నూలు, కిలోకు 4 యూనిట్లు, యూనిట్‌కు రూ.7 అని రాసి ఉంటేనే తర్వాత దాన్ని విప్పి చూడగలం. ఈ మూడు అంకెలూ అప్పుడు రాసి ఉండబట్టే ముందు ముందు చెప్పబోయే నష్టం బయటపడింది.

2. హద్దుకు శాతమూ కావాలి, రూపాయీ కావాలి

ఐదు శాతం దాటితే చూద్దాం అని చాలాచోట్ల ఒక్క మాటతో తేల్చేస్తారు. అలాగైతే రూ.20,000 స్టేషనరీ పద్దులో రూ.1,500 పెరిగినా గుర్తు పడుతుంది. రూ.5 కోట్ల పత్తి పద్దులో రూ.20 లక్షలు పెరిగితే పడదు, అది నాలుగు శాతమే కనుక. ఒక్క రూపాయి కొలతే పెట్టుకుంటే పెద్ద పద్దులు ప్రతి నెలా గుర్తు తెచ్చుకుంటాయి.

అందుకని మామూలు ఖర్చులకు రెండూ కలిపి పెట్టుకునేవాళ్లం: తేడా ఐదు శాతమూ దాటాలి, రూ.2 లక్షలూ దాటాలి. పత్తి లాంటి పెద్ద పద్దులకు శాతం ఒకటిన్నరకు దించాం. పీఎఫ్, ఈఎస్ఐ, పన్నులు, జరిమానాల వంటి వాటికి హద్దే పెట్టలేదు. అక్కడ ఏ తేడా వచ్చినా చూడాల్సిందే, ఎందుకంటే చట్టం ప్రకారం కట్టాల్సిన డబ్బు అంచనాకు దూరంగా పోవడానికి సరైన కారణాలు చాలా తక్కువ.

హద్దు ఎంత అన్నది ఊహించి పెట్టకూడదు. గత రెండేళ్ల నెలవారీ తేడాలు ఒక కాగితం మీద పరచుకోండి. కరెంటు పద్దు ఏ లోపమూ లేని నెలల్లో కూడా మూడు శాతం అటూ ఇటూ ఊగుతుంటే, దానికి రెండు శాతం హద్దు పెట్టడం అనవసరం. జల్లెడ కన్ను మరీ సన్నమైతే గింజా తవుడూ పైనే ఆగిపోతాయి. పద్దు సహజంగా ఎంత ఊగుతుందో దానికి కాస్త పైన హద్దు ఉండాలి. అది ఫైనాన్స్ వాళ్లు ఒక్కరే పెట్టేది కాదు. సమాధానం చెప్పాల్సిన విభాగాలు కూడా కూర్చుని ఒప్పుకుని, రాసుకున్నది కావాలి. ఒప్పుకున్న హద్దు దాటినప్పుడు ప్రశ్న అడిగితే ఎవరికీ కోపం రాదు. అడగాలని ఆ రోజే నిర్ణయం అయిపోయింది కదా.

కంప్యూటర్లో దీన్ని పెట్టడానికి ఒక్క వరుస చాలు. B కాలమ్‌లో అంచనా, C కాలమ్‌లో అసలు ఖర్చు ఉన్నాయనుకోండి:

```
=IF(AND(ABS(C5-B5)>200000, ABS(C5-B5)>0.05*ABS(B5)), "రివ్యూ", "")
```

ఇందులో శాతం కోసం భాగహారం చేయలేదు, అంచనాను ఐదు శాతంతో గుణించాం. అంచనా సున్నా అయిన పద్దులో భాగహారం చేస్తే లెక్క విరిగిపోతుంది. గుణకారంలో ఆ బాధ లేదు. అంచనాలో లేని ఖర్చు రూ.2 లక్షలు దాటగానే దానంతట అదే బయటికి వస్తుంది.

3. బిల్లు వచ్చినదే ఖర్చు అనుకుంటే నెల తప్పుతుంది

అసలు ఖర్చు అని కాలమ్ పైన రాసినంత మాత్రాన అందులో ఉన్నదంతా ఆ నెల ఖర్చు కాదు. మన మిల్లులకు డిస్కం వాళ్లు మీటరు రీడింగ్ తీసే తేదీ చాలాసార్లు నెలాఖరుతో కలవదు. రీడింగ్ 24న తీస్తే జనవరిలో చేతికొచ్చిన బిల్లులో డిసెంబరు చివరి వారం కరెంటు ఉంటుంది, జనవరి చివరి వారానిది ఉండదు. ఆ బిల్లును అలాగే జనవరి ఖర్చుగా రాసి, ఒకటో తేదీ నుంచి 31 వరకు వేసిన అంచనాతో పోల్చితే వచ్చే తేడాకు అర్థం లేదు.

దీనికి మందు తేలికే. నెల చివరి రోజు అర్ధరాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్ మీటరు రీడింగులన్నీ రాసి సంతకం పెట్టాలి. ఆ రీడింగును బట్టి బిల్లు పడని రోజులకు ప్రొవిజన్ రాయాలి. లారీ కిరాయిలదీ ఇదే దారి. 31న గేటు దాటిన నూలు లోడుకు ట్రాన్స్‌పోర్టు వాళ్ల బిల్లు మూడు వారాల తర్వాత వస్తుంది. డిస్పాచ్ రిజిస్టరులో ఉన్న లోడ్లను ఒప్పుకున్న రేటుతో గుణించి ఈ నెలలోనే ప్రొవిజన్ పెట్టుకోవాలి.

ప్రొవిజన్ పెట్టిన వాళ్లు మరిచిపోయేది ఒకటుంది, మరుసటి నెల దాన్ని తిరగరాయడం. తిరగరాయకుండా అసలు బిల్లు కూడా రాస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. ప్రొవిజన్ పెట్టడమే మరిచిపోతే ఖర్చు వేరే నెలలో పడుతుంది, దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఒక నెల అంచనాకు తక్కువ, మరుసటి నెల దాదాపు అంతే ఎక్కువ వచ్చిందంటే ముందు లెడ్జర్ తెరవండి. అది ఖర్చు మారడం కాదు, ఖర్చు నెల మారడం. అలాంటి తేడాను మిల్లు లోపల వెతికి ప్రయోజనం లేదు, అకౌంట్స్ గదిలోనే తేలిపోతుంది. కటాఫ్ సరిచూశాకే గుర్తులు వేయాలన్నది అందుకే.

4. ఉత్పత్తి మారితే అంచనాను దానికి సరిచేసి పోల్చాలి

ఇప్పుడు మన జనవరి లెక్కకు వద్దాం. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన పనివాళ్లు అనుకున్నదానికంటే ఆలస్యంగా వచ్చారు. కొన్ని రోజులు రాత్రి షిఫ్టు పూర్తిగా ఆపాల్సి వచ్చింది. 2,00,000 కిలోలు తీయాల్సిన చోట 1,80,000 కిలోల నూలే తీశారు. కరెంటు ఖర్చు రూ.54.72 లక్షలు తేలింది.

అంచనా 56 లక్షలు, ఖర్చు 54.72 లక్షలు. రూ.1.28 లక్షలు తక్కువ, అంటే రెండున్నర శాతం లోపే. శాతం హద్దూ దాటలేదు, రూపాయి హద్దూ దాటలేదు. పైగా మిగులు వైపు ఉంది. రిపోర్టులో ఆ వరుసకు ఏ గుర్తూ పడలేదు. చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది.

కానీ 56 లక్షలు 2,00,000 కిలోలకు వేసిన అంచనా. తీసిన నూలు దానిలో పదో వంతు తక్కువ. 1,80,000 కిలోలకు కిలోకు 4 యూనిట్లు, యూనిట్ రూ.7 చొప్పున అయితే ఖర్చు రూ.50.40 లక్షలు కావాలి. అయ్యింది 54.72. తేడా రూ.4.32 లక్షలు, ఎనిమిదిన్నర శాతానికి పైనే, అదీ నష్టం వైపు. రెండు హద్దులూ దాటింది. ఉత్పత్తి తగ్గడం వల్ల కలిసొచ్చిన రూ.5.60 లక్షల తగ్గుదల వెనక ఈ 4.32 లక్షల పెరుగుదల దాగింది. అందుకే ఉత్పత్తితో పాటు మారే ఖర్చులకు B కాలమ్‌లో అసలు అంచనాను కాదు, తీసిన ఉత్పత్తికి సరిచేసిన అంచనాను పెట్టాలి. తాళం వేసిన అంచనా పక్క కాలమ్‌లో అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపరు.

అయితే ఈ సరిచేత అన్ని ఖర్చులకూ కుదరదు. కరెంటు బిల్లులోనే డిమాండ్ ఛార్జీ వేరు. ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఉత్పత్తి తగ్గిందని అది తగ్గదు. కనుక దాన్ని వేరే పద్దుగా పెట్టి, అసలు అంచనాతోనే పోల్చాలి. పైన చెప్పిన 56 లక్షల్లో అది లేదు. జీతాలు, బీమా, తరుగుదలను కూడా అసలు అంచనాతోనే పోల్చాలి.

నూలు నంబరు మారినా జాగ్రత్త పడాలి. 60 నంబరు నూలు కిలోకు తినే కరెంటు 40 నంబరు నూలు కంటే చాలా ఎక్కువ. నెలలో నంబర్ల పాళ్లు మారితే ఉత్పత్తిని 40 నంబరుకు మార్చుకుని అప్పుడు కిలోకు యూనిట్లు లెక్కించాలి. మన ఉదాహరణలో నంబర్లు మారలేదు, ఆపిన షిఫ్టులు కూడా పూర్తిగా ఆపారు. కాబట్టి నేరుగా గుణించడం సరిపోయింది.

5. తేడాను వాడకం, ధర అని విడదీశాకే మనుషులను అడగండి

రూ.4.32 లక్షలు ఎక్కువైందని ఎలక్ట్రికల్ ఇంజనీరును పిలిచి అడిగితే ఆయన ఏం చెప్పగలడు? కరెంటు ధరలు పెరిగాయంటాడు. ప్రొడక్షన్ మేనేజరును అడిగితే మెషీన్లు పాతబడ్డాయంటాడు. ముందు మన వంతు పని మనం చేసుకుని వెళితే ప్రశ్న సూటిగా ఉంటుంది.

ఆ నెల బిల్లు అయిన యూనిట్లు 7,60,000. సగటు ధర యూనిట్‌కు రూ.7.20. తీసిన నూలుకు కావాల్సినవి 7,20,000 యూనిట్లు. ఎక్కువైన 40,000 యూనిట్లను అంచనా ధర రూ.7తో గుణిస్తే రూ.2.80 లక్షలు, అది వాడకం వల్ల వచ్చిన తేడా. వాడిన 7,60,000 యూనిట్లకు ఒక్కోదానికి 20 పైసలు ఎక్కువ, అంటే రూ.1.52 లక్షలు, అది ధర వల్ల వచ్చిన తేడా. రెండూ కలిపితే 4.32. పైసా మిగల్లేదు.

ధర తేడా ముందు తేలింది. పెద్ద మిల్లుల కరెంటులో యూనిట్ ధర వేళను బట్టి మారుతుంది. పొద్దున, సాయంత్రం రద్దీ గంటల్లో అదనం పడుతుంది, అర్ధరాత్రి దాటాక తగ్గుతుంది. మిల్లు ఆపింది రాత్రి షిఫ్టు. చౌక యూనిట్లు తగ్గి, ఖరీదైనవి అలాగే ఉండడంతో సగటు పైకి వెళ్లింది. రేటు ఎవరూ పెంచలేదు, మనం వాడిన వేళలు మారాయి.

వాడకం తేడాకు సమాధానం మీటరులోనే ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ వినియోగదారులకు బిల్లు కిలోవాట్ అవర్ల మీద పడదు, కేవీఏహెచ్ మీద పడుతుంది. మెషీన్లు నిజంగా తిన్న కరెంటు కిలోవాట్ అవర్లు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే కేవీఏహెచ్ వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ పడిపోతే మెషీన్లు ఒక్క యూనిట్ ఎక్కువ తినకపోయినా బిల్లు పెరుగుతుంది.

రీడింగు కాగితం మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కిలోవాట్ అవర్లు 7,05,600, కేవీఏహెచ్ 7,60,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.93. అంచనా వేసినప్పుడు పెట్టుకున్నది 0.98. ఈ కిలోవాట్ అవర్లను తీసిన నూలుతో భాగిస్తే కిలోకు 3.92 వస్తుంది, అంచనాలోని 4 యూనిట్లను 0.98తో గుణించినా సరిగ్గా అంతే. అంటే మెషీన్లలో లోపం లేదు. ఆ ఒక్క భాగహారంతో వెతకాల్సిన చోటు మిల్లు మొత్తం నుంచి కెపాసిటర్ ప్యానెల్ దాకా కుదించుకుపోయింది. ప్యానెల్ తెరిచి చూస్తే రెండు కెపాసిటర్ బ్యాంకుల ఫ్యూజులు పోయి ఉన్నాయి.

గుర్తు పడని వరుసలో నెలకు దాదాపు మూడు లక్షలు కారిపోతున్నాయి. ఉత్పత్తి మామూలుకు వచ్చాక గానీ ఆ వరుస హద్దు దాటేది కాదు. అప్పటికి ఇంకో నెల పోయేది.

6. వివరణ చదివిన వాడికి మళ్లీ అడగాల్సిన పని ఉండకూడదు

కరెంటు ఖర్చు పెరగడం వల్ల తేడా వచ్చింది అని రాసిన వివరణలు నేను ఎన్నో చూశాను. అది తేడానే మరో రకంగా చెప్పడం. ధరలు పెరిగాయి, పని ఒత్తిడి ఎక్కువ, గత నెల మాదిరిగానే లాంటి మాటలూ ఆ కోవలోవే. వాటిని తిప్పి పంపడంలో మొహమాటం పనికిరాదు.

వివరణలో నాలుగు ఉండాలి: కారణం, ఆ కారణానికి చెందే రూపాయలు, ఇది వచ్చే నెల కూడా ఉంటుందా అన్నది, ఎవరు ఎప్పటికి సరిచేస్తారు అన్నది. రూపాయలన్నీ కూడితే తేడాలో కనీసం పది వంతుల్లో తొమ్మిది వంతులకు లెక్క తేలాలి. తేలని మొత్తాన్ని ఇంకా తెలియలేదు అని విడిగా రాయాలి. దాన్ని ఇతర కారణాలు అని చుట్టిపెట్టడం నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

మన పద్దుకు వివరణ ఇలా ఉంటే చాలు: "జనవరి కరెంటు, తీసిన ఉత్పత్తికి సరిచేసిన అంచనా కంటే రూ.4.32 లక్షలు ఎక్కువ. ఇందులో 2.80 లక్షలు పవర్ ఫ్యాక్టర్ 0.98 నుంచి 0.93కు పడినందువల్ల. రెండు కెపాసిటర్ బ్యాంకుల ఫ్యూజులు పోయాయి, ఫిబ్రవరి 7న మార్చాం. ఫిబ్రవరి మొదటి వారానికి సుమారు 70, 80 వేల భారం పడుతుంది, ఆ తర్వాత ఉండదు. మిగిలిన 1.52 లక్షలు రాత్రి షిఫ్టు ఆగి సగటు ధర పెరిగినందువల్ల. షిఫ్టులు తిరిగి మొదలయ్యాయి, ఫిబ్రవరిలో ఇది రాదు. ఇకపై పవర్ ఫ్యాక్టర్‌ను ఎలక్ట్రికల్ విభాగం రోజూ లాగ్‌బుక్‌లో రాస్తుంది."

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేదు, ఏదీ దాచలేదు. ఫిబ్రవరి అంచనాకు కూడా ఇదే ఆధారం అవుతుంది. ఒకసారి వచ్చి పోయే తేడాను, ఇక నిలిచిపోయే తేడాను విడదీయకపోతే ఏటా చివరి మూడు నెలల అంచనా గాలిలో తేలుతుంది.

తేదీలు కూడా రాసి ఉంచండి. మేం మూడో తేదీకి ఖాతాలు మూసి, ఐదో తేదీకి గుర్తు పడ్డ పద్దుల జాబితా పంపి, ఎనిమిదో తేదీకి వివరణలతో కూర్చునేవాళ్లం. 20వ తేదీన కూర్చుంటే కారణం తెలిసినా రెండో నెల నష్టంలో మూడింట రెండు వంతులు అప్పటికే అయిపోయి ఉంటుంది.

7. మిగులునూ అడగాలి, మెల్లగా జారే పద్దునూ అడగాలి

అంచనాకంటే తక్కువ ఖర్చయితే మెచ్చుకుని వదిలేయడం అలవాటు. హద్దుకు ఆ పక్షపాతం ఉండకూడదు. ఒక నెల మరమ్మతుల పద్దులో రూ.12 లక్షలకు రూ.7 లక్షలే ఖర్చయ్యాయనుకోండి. ఐదు లక్షలు మిగిలాయి. ఎక్కడ మిగిలాయి? రింగు ఫ్రేముల మీద ట్రావెలర్లు మార్చాల్సిన గడువు వచ్చినా మార్చలేదు, కాట్స్ సానపట్టడం వాయిదా వేశారు అని తేలితే అది మిగులు కాదు. నూలు తెగడం ఎక్కువవుతుంది, నాణ్యత పడిపోతుంది, ఆ డబ్బు మరో పద్దులో మరో నెలలో బయటికి వస్తుంది. నిజంగా తక్కువ ధరకు సామాను దొరికి మిగిలితే అది వచ్చే అంచనాలో కనబడాలి. మిగులును ప్రశ్నిస్తేనే ఈ రెండింటిలో ఏదో తెలుస్తుంది.

రెండోది ఇంకా కనబడకుండా జరిగేది. లారీ కిరాయిలకు నెలకు రూ.40 లక్షల అంచనా. ఏప్రిల్‌లో 1.40 లక్షలు ఎక్కువ, మేలో 1.70, జూన్‌లో 1.50. మూడింటిలో ఏదీ ఐదు శాతం కాదు, రెండు లక్షలూ కాదు. నెలవారీ గుర్తు ఒక్కసారీ పడలేదు. కానీ మూడు నెలల్లో రూ.4.60 లక్షలు పోయాయి. సగం లోడుతోనే లారీలు బయలుదేరడం అలవాటైపోతే అచ్చం ఇలాగే కనబడుతుంది.

అందుకని ఏప్రిల్ నుంచి కూడుతూ వచ్చే మొత్తానికి వేరే హద్దు పెట్టుకోవాలి. శాతం నెల హద్దు కంటే తక్కువగా, రూపాయి ఎక్కువగా ఉండాలి. మూడు శాతం, రూ.4 లక్షలు అని పెట్టుకుని ఉంటే ఈ కిరాయి పద్దు జూన్‌లోనే బయటపడేది: 1.20 కోట్ల మీద 4.60 లక్షలంటే దాదాపు నాలుగు శాతం. దీనితోపాటు ఇంకో నియమం కూడా మంచిది. ఒక పద్దు వరుసగా మూడు నెలలు ఒకే వైపు తప్పితే, తేడా ఎంత చిన్నదైనా అడగాలి. అంచనా నిజాయితీగా వేస్తే తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు పడుతుంది. ఎప్పుడూ మిగులు వైపే పడుతోందంటే అంచనా వేసే విభాగం కాస్త పెంచి అడుగుతోందని అర్థం. ఆ పెంచిన డబ్బు మరో విభాగానికి అందకుండా ఏడాదంతా ఊరికే పడి ఉంటుంది.

8. హద్దును గుర్తు పడిన నెలలో మార్చకండి

హద్దు కూడా పాతబడుతుంది. మిల్లు పెరిగితే రూ.2 లక్షలు చిన్నమొత్తం అవుతుంది. మార్చాల్సిందే, కానీ ఎప్పుడు అన్నది ముఖ్యం. ఒక పద్దుకు గుర్తు పడ్డాక, ఆ విభాగాధిపతి వచ్చి ఐదు శాతం మరీ తక్కువండీ, ఎనిమిది చేద్దాం అంటే ఒప్పుకోకండి. ఆయన చెప్పింది న్యాయమే కావచ్చు. అయినా ఆ నెల వివరణ రాయించి, హద్దు మాటను ఏడాది చివర అందరూ కూర్చునే రోజుకు వాయిదా వేయండి.

ఆ రోజు బల్ల మీద రెండు లెక్కలు పెట్టుకోండి. ఏడాదిలో ఎన్ని గుర్తులు పడ్డాయి, వాటిలో ఎన్నింటి వల్ల ఏదైనా పని జరిగింది అన్నది మొదటిది. ఒక పద్దుకు తొమ్మిదిసార్లు గుర్తు పడి ఒక్కసారీ ఏమీ తేలకపోతే హద్దు బిగువైంది, లేదా అంచనా వేసే తీరే తప్పు. రెండోది, హద్దు లోపలే ఉండి తర్వాత వేరే దారిలో బయటపడ్డ నష్టాలు. మన కరెంటు పద్దులాంటివి అందులో కనబడితే హద్దు తగ్గించి ప్రయోజనం లేదు. 56 లక్షల అంచనాకు మూడు శాతం హద్దు పెట్టినా ఆ పద్దు దొరికేది కాదు, ఎందుకంటే తప్పు హద్దులో లేదు, దేనితో పోల్చామన్న దానిలో ఉంది. అలాంటిచోట మార్చాల్సింది పోల్చే పద్ధతి.

పరిశీలనకు వచ్చే పద్దులు నెలకు ఐదారుకు మించకుండా చూసుకోండి. ముప్పై పద్దులకు గుర్తు పడితే ముప్పై వివరణలూ చదివి సంతకం పెట్టేస్తారు, ఒక్కదానికీ ఎవరూ ప్యానెల్ తెరిచి చూడరు. ఐదు పద్దులే అయితే ప్రతిదాని వెనకా మీటరు దాకానో, గోదాము దాకానో, లారీ రసీదు దాకానో వెళ్లి చూసి రావడానికి మనిషీ సమయమూ ఉంటాయి. అలా వెళ్లి చూసినప్పుడే ఆ గుర్తుకు విలువ.